స్కాన్ రిపోర్టులో 412 అని ఉంటే అది ఎన్ని రెమ్‌లు?

పోయిన కార్తీక మాసంలో మా బావకు నడుము పక్కన నొప్పి వస్తే తిరుపతిలో సీటీ తీయించాం. ఆయనకు పాకాల దగ్గర మామిడి తోట ఉంది. పొద్దంతా తోటలో తిరుగుతాడు, నీళ్లు సరిగ్గా తాగడు. కిడ్నీలో రాయి ఉందేమోనని డాక్టరు కేయూబీ స్కాన్ రాశారు. నాలుగు మిల్లీమీటర్ల రాయి కనిపించింది, మందులతోనే పడిపోయింది. రాయి సంగతి అంతటితో తీరింది. కానీ రిపోర్టు కవర్లో ఉన్న ఒక చిన్న కాగితం మా అక్కకు రెండు రోజులు నిద్ర లేకుండా చేసింది.

మా మేనల్లుడు అమెరికాలో ఒక న్యూక్లియర్ పవర్ ప్లాంటులో ఇంజినీరు. స్కాన్‌లో డోస్ ఎంత పడిందని తండ్రిని ఫోన్‌లో అడిగాడు. బావ కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం చూసి, "నాలుగొందల పన్నెండు అని ఉండాది నాయనా" అన్నాడు. వాడు దాన్ని ఒంటికి పడిన రేడియేషన్‌ను కొలిచే మిల్లీసీవర్ట్‌లు అనుకున్నాడు. అమెరికాలో అదే కొలతకు వాడే రెమ్‌లలోకి మార్చడానికి పదితో భాగించాడు, 41 రెమ్ వచ్చింది. అమెరికాలో రేడియేషన్ మధ్య పనిచేసేవాళ్లకు చట్టం ఒప్పుకునే పరిమితి ఏడాదికి 5 రెమ్. అంటే ఎనిమిదేళ్ల లెక్క ఒక్క స్కాన్‌లో అయిపోయిందని వాడికి టెన్షన్ పట్టుకుంది. ఆ టెన్షన్ వాళ్లమ్మకు అంటింది. రాత్రి పదకొండు గంటలకు నాకు ఫోన్ చేసి, "మామా, నాన్నకు 41 రెమ్ పడింది, ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు.

నేను చాలా ఏళ్లు ఎక్స్‌రే, సీటీ గదుల్లో పనిచేసినవాణ్ణి. పాకాల నుంచి కాగితం ఫోటో తెప్పించుకుని చూశాను. వాడి భాగహారంలో తప్పేమీ లేదు. 412 పక్కన ఏ యూనిట్ ఉందో ఎవరూ చదవలేదు, అంతే. ఆ స్కాన్‌లో బావకు పడింది సుమారు 0.62 రెమ్. 41కి, 0.62కి మధ్య అరవై ఆరు రెట్ల తేడా ఉంది. మీ చేతిలో ఇలాంటి కాగితమే ఉంటే ఆ లెక్క మీరే ఎలా కట్టుకోవాలో అదే కాగితంతో చెబుతాను.

డోస్ పేజీ ఎక్కడుంటుంది

డాక్టరు సంతకం ఉన్న రిపోర్టులో రాయి ఎక్కడుంది, ఎంతుంది అని ఉంటుంది. డోస్ అంకెలు సాధారణంగా అందులో ఉండవు. స్కాన్ అయిపోగానే సీటీ మెషీనే ఒక పేజీ తయారుచేస్తుంది. అది ఫిల్ముల్లో చివరి గడిగానో, సీడీలో చివరి సిరీస్‌గానో ఉంటుంది. కొన్ని చోట్ల విడి కాగితంగా ఇస్తారు. దాని పైన `Dose Report` అనో, మెషీన్‌ను బట్టి `Patient Protocol` అనో ఉంటుంది. మీ కవర్లో లేకపోతే స్కాన్ తీసిన చోటికి పోయి, "డోస్ పేజీ ప్రింట్ ఇవ్వండి సార్" అని అడగండి. ఆ పేజీ వాళ్ల కంప్యూటర్లో మీ పేరుతో ఉంటుంది కాబట్టి అడగడానికి మొహమాటపడకండి.

బావ కాగితంలో మనకు అవసరమైన వరసలు ఇవి:

```
Type     CTDIvol(mGy)  DLP(mGy-cm)  Phantom cm
Helical  9.16          412.2        Body 32
Total Exam DLP: 412.2
```

ఇందులో మిల్లీసీవర్ట్ అనే మాటే లేదు. చాలామంది తప్పుదారి పట్టేది ఇక్కడే. సీటీ మెషీన్ సాధారణంగా సీవర్ట్‌లలో ఏమీ చెప్పదు. అది చెప్పేవి రెండే.

మొదటిది `CTDIvol`. పొట్ట, ఛాతీ స్కాన్లకు 32 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న ఒక ప్లాస్టిక్ దిమ్మెను మనిషి ఒంటికి బదులుగా పెట్టుకుంటారు. తలకైతే ఆ దిమ్మె 16 సెంటీమీటర్లు. దీన్నే ఫాంటమ్ అంటారు. మీ స్కాన్‌కు వాడిన సెట్టింగులతోనే ఆ దిమ్మెను స్కాన్ చేసి ఉంటే దానిలో సగటున ఎంత డోస్ పడేదో ఈ అంకె చెబుతుంది. యూనిట్ మిల్లీగ్రే, అంటే mGy. గుర్తుంచుకోండి, ఇది దిమ్మె లెక్క, మీ ఒంటి లెక్క కాదు.

రెండోది `DLP`. ఆ మిల్లీగ్రేలను స్కాన్ చేసిన పొడవుతో గుణిస్తే వచ్చేది ఇది. బావకు కిడ్నీల పైనుంచి మూత్రాశయం కింద దాకా 45 సెంటీమీటర్లు తీశారు. 9.16 ను 45 తో గుణించి చూడండి, 412.2 వస్తుంది. అందుకే దీని యూనిట్ mGy-cm, మిల్లీగ్రే సెంటీమీటరు. వెనక ఆ cm ఉందంటే ఆ అంకె డోస్ కాదు, డోస్‌ను పొడవుతో గుణించిన అంకె. దాన్ని నేరుగా రెమ్‌లోకి మార్చడం కుదరదు. పొలం ఎన్ని ఎకరాలో చెప్పి, దాన్ని కిలోమీటర్లలోకి మార్చమన్నట్టు ఉంటుంది.

కాబట్టి క్యాలిక్యులేటర్ ముట్టుకునే ముందు అంకె పక్కనున్న యూనిట్‌ను అక్షరం అక్షరం చదవండి. mSv అనో µSv అనో ఉంటే తర్వాతి మెట్టు దాటేసి ముందుకు పోవచ్చు. mGy-cm అని ఉంటే ఇంకో మెట్టు ఉంది.

DLP నుంచి మిల్లీసీవర్ట్‌కు

ఒంట్లో ఒక్కో అవయవం రేడియేషన్‌కు ఒక్కో రకంగా స్పందిస్తుంది. అదే రేడియేషన్ మెదడు మీద పడితే ఒక లెక్క, పేగుల మీద, ఎముక మజ్జ మీద పడితే ఇంకో లెక్క. ఆ తేడాలన్నీ కలిపి ఒళ్లంతటికీ ఒకే అంకెగా చెప్పేదాన్ని ఎఫెక్టివ్ డోస్ అంటారు. దాన్ని కొలిచే యూనిటే సీవర్ట్. DLP నుంచి అక్కడికి పోవడానికి ఒంటి భాగాన్ని బట్టి ఒక గుణకం ఉంది. 2008లో అమెరికాలోని వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం AAPM తన 96వ రిపోర్టులో ఇచ్చిన పట్టికనే ఎక్కువగా వాడుతుంటారు. పెద్దవాళ్లకు తలకు 0.0021, ఛాతీకి 0.014, పొట్టకు, కటి భాగానికి 0.015.

బావది పొట్ట, కటి భాగం స్కాన్. కాబట్టి:

```
412.2 × 0.015 = 6.183 mSv
```

దీన్ని 6.2 mSv అని రాసుకోండి. 6.183 అని మూడు దశాంశాల దాకా రాస్తే అంత కచ్చితంగా తెలుసన్న భ్రమ కలుగుతుంది. ఆ 0.015 సగటు ఒడ్డూపొడుగున్న మనిషిని ఊహించుకుని కట్టిన గుణకం. బావ సన్నగా ఉంటాడు. అదే సెట్టింగుతో తీస్తే లావుపాటి మనిషి లోపలి అవయవాల కంటే సన్నటి మనిషి లోపలి అవయవాల మీద కాస్త ఎక్కువే పడుతుంది, ఎందుకంటే మధ్యలో అడ్డుకునే కండ, కొవ్వు తక్కువ. కాబట్టి "సుమారు ఆరు" అనుకుంటే చాలు.

ఇక్కడ ఒక ఉదాహరణ చెప్పాలి. దీనితో గుణకం ఎందుకు కావాలో తేలిగ్గా అర్థమవుతుంది. ఒకాయనకు బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలి సీటీ తీశారనుకోండి. అందులో DLP 950 ఉందనుకోండి. బావ 412 తో పోలిస్తే రెండింతలకు పైనే. కానీ 950 ను 0.0021 తో గుణిస్తే వచ్చేది సుమారు 2 mSv. DLP రెండింతలున్న స్కాన్‌లో ఎఫెక్టివ్ డోస్ మూడో వంతే. పుర్రె ఎముక దాటాలంటే ఎక్కువ రేడియేషన్ కావాలి, అందుకే DLP ఎక్కువ. కానీ పొట్టలో ఉన్నన్ని సున్నితమైన అవయవాలు తలలో లేవు, అందుకే గుణకం చిన్నది. ఇద్దరి రిపోర్టుల్లోని DLPలను పక్కపక్కన పెట్టి ఎవరికి ఎక్కువ పడిందని తేల్చడం ఎందుకు కుదరదో ఇప్పుడు తెలిసింది కదా.

ఒకే రోజు తల, ఛాతీ రెండూ తీస్తే పేజీ కింద రెండింటి మొత్తం ఒకటే కనిపిస్తుంది. ఆ మొత్తాన్ని ఒకే గుణకంతో గుణించకండి. పైన ఒక్కో వరసలో ఉన్న DLPని దాని గుణకంతో విడిగా గుణించి, వచ్చిన మిల్లీసీవర్ట్‌లను కూడండి. పొట్టకు కాంట్రాస్ట్ మందు ఎక్కించి అదే భాగాన్ని మూడు విడతలు తీస్తే మాత్రం మొత్తం DLPనే తీసుకోవచ్చు, భాగం ఒకటే కాబట్టి. మూడు విడతలంటే డోస్ కూడా సుమారు మూడింతలు అవుతుంది. రాయి కోసం కాంట్రాస్ట్ లేకుండా తీసే స్కాన్‌కు ఆ అవసరం రాదు.

చంటిపిల్లల స్కాన్ అయితే ఈ గుణకాలు వాడకండి. పిల్లలకు వయసు వారీగా వేరే అంకెలున్నాయి, చిన్న వయసులో అవి చాలా పెద్దవి. పైగా ఆ అంకెలు 16 సెంటీమీటర్ల దిమ్మెను లెక్కలో పెట్టుకుని కట్టినవి. మెషీన్ పేజీలో `Body 32` అని ఉంటే లెక్క సగానికి సగం తప్పుతుంది. పిల్లల రిపోర్టు ఉంటే రేడియాలజీ విభాగంలో మెడికల్ ఫిజిసిస్ట్‌ను అడగడమే మంచిది.

మిల్లీ నుంచి మైక్రోకు

ఇప్పుడు చేతిలో 6.2 mSv ఉంది. ఇక్కడి నుంచి అంతా చిన్నప్పుడు చదువుకున్న లెక్కే.

సీవర్ట్‌లో వెయ్యో వంతు మిల్లీసీవర్ట్. మిల్లీసీవర్ట్‌లో వెయ్యో వంతు మైక్రోసీవర్ట్. కిలో, గ్రాము, మిల్లీగ్రాము ఎలా మెట్టుకు వెయ్యి చొప్పున దిగుతాయో ఇవీ అలాగే.

```
1 Sv  = 1000 mSv
1 mSv = 1000 µSv
6.2 mSv × 1000 = 6200 µSv
6.2 mSv ÷ 1000 = 0.0062 Sv
```

గుణించాలా భాగించాలా అని సందేహం వస్తే రూపాయి, పైసలు గుర్తు చేసుకోండి. పెద్ద యూనిట్ నుంచి చిన్న యూనిట్‌కు పోతే అంకె పెరగాలి. జేబులో ఐదు రూపాయలుంటే పైసల్లో అది ఐదొందలు. మిల్లీ కంటే మైక్రో చిన్నది కాబట్టి అంకె పెరగాలి. మీకు 0.0062 µSv అని వచ్చిందంటే తిరగేసి చేశారన్నమాట.

ఈ మెట్టులో లెక్క కంటే అక్షరమే ఎక్కువ మోసం చేస్తుంది. మైక్రోకు వాడే గుర్తు గ్రీకు అక్షరం µ. మన ఇళ్లలో మైక్రో కొలతను రోజూ చూసేవాళ్లున్నారు. థైరాయిడ్ మాత్రల డబ్బా మీద 50 mcg అని ఉంటుంది చూడండి, అది 50 మైక్రోగ్రాములు. దాన్నెవరైనా 50 మిల్లీగ్రాములుగా తీసుకుంటే ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. డోస్ కాగితాల్లోనూ అదే వెయ్యి రెట్ల ప్రమాదం ఉంది. కీబోర్డులో µ సులభంగా దొరకదు కాబట్టి కొందరు u అని కొడతారు, uSv అని ఉంటే మైక్రోసీవర్ట్‌గానే చదవండి.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. కంప్యూటర్లో సింబల్ అనే ఒక ఫాంట్ ఉంది. అందులో m అక్షరం కొడితే తెర మీద µ కనిపిస్తుంది. ఆ పేజీని ఇంకో చోటికి కాపీ చేసినప్పుడు ఫాంట్ మారిపోతే ఆ µ మళ్లీ m గా మారుతుంది. టైపు చేసినవాళ్లు తప్పు చేయకపోయినా మైక్రోసీవర్ట్ కాస్తా మిల్లీసీవర్ట్ అవుతుంది. ఒకసారి ఒక ఛాతీ ఎక్స్‌రే చీటీలో నేనే ఇది చూశాను. 20 mSv అని ఉంది. పెద్దవాళ్ల మామూలు ఛాతీ ఎక్స్‌రే ఒక్కటి తీస్తే పడేది 0.02 mSv దరిదాపుల్లో, అంటే 20 µSv. చీటీలో ఉన్నది దానికి వెయ్యింతలు. ఎక్స్‌రే చీటీలో పదుల్లో మిల్లీసీవర్ట్‌లు కనిపిస్తే గాభరా పడకుండా ముందు ఆ m ను అనుమానించండి.

పెద్ద M సంగతి కూడా చూసుకోండి. MSv అంటే మెగాసీవర్ట్, పది లక్షల సీవర్ట్‌లు. ఏ ఆసుపత్రిలోనూ అలాంటి కొలత ఉండదు. అలా ఉంటే క్యాప్స్ లాక్ పడిందని అనుకోవచ్చు. కానీ మీరు ఇంకొకరికి వాట్సాప్‌లో పంపేటప్పుడు మాత్రం చిన్న m కొట్టండి.

సీవర్ట్ నుంచి రెమ్‌కు

రెమ్ పాత యూనిట్. రాంట్‌జన్ ఈక్వివలెంట్ మ్యాన్ అనే మూడు మాటల మొదటి అక్షరాలు కలిపిన పేరు అది. స్వీడన్ భౌతిక శాస్త్రవేత్త రోల్ఫ్ సీవర్ట్ పేరుతో సీవర్ట్ 1979లో అంతర్జాతీయ యూనిట్ అయింది. మన దేశంలో రేడియేషన్ భద్రతను చూసే నియంత్రణ సంస్థ AERB పరిమితులన్నీ మిల్లీసీవర్ట్‌లలోనే చెబుతుంది. అమెరికా చట్టాల్లో మాత్రం ఇప్పటికీ రెమ్ నడుస్తోంది. మా మేనల్లుడు రోజూ ప్లాంటులో రెమ్, మిల్లీరెమ్ అనే మాటలే వింటాడు. మన తిరుపతి, చిత్తూరు ఇళ్లలో అమెరికాలో పిల్లలున్నవాళ్లు ఎంతమందో మీకే తెలుసు, అందుకే ఈ మార్పిడి ఇంటి అవసరం అయ్యింది.

రూపాయికి వంద పైసలు. సీవర్ట్‌కు వంద రెమ్‌లు. ఇదొక్కటి గుర్తుంటే మిగతావన్నీ దానిలోంచే వస్తాయి.

```
1 Sv  = 100 rem
1 mSv = 0.1 rem = 100 mrem
10 µSv = 1 mrem
```

మిల్లీసీవర్ట్‌లను రెమ్‌లోకి మార్చడానికి పదితో భాగించండి. వందతో కాదు. చాలామంది ఇక్కడే తడబడతారు, ఎందుకంటే నోటికి వచ్చిన సూత్రంలో వంద ఉంది. ఎందుకు పది అయ్యిందో ఒకసారి చూడండి. సీవర్ట్ నుంచి మిల్లీసీవర్ట్‌కు వెయ్యి వంతులు దిగాం. సీవర్ట్ నుంచి రెమ్‌కు వంద వంతులే దిగాం. కాబట్టి రెమ్ అనేది సీవర్ట్‌కు, మిల్లీసీవర్ట్‌కు మధ్యలో ఉంటుంది. మిల్లీసీవర్ట్ కంటే అది పదింతలు పెద్దది. పెద్ద యూనిట్‌కు పోతున్నాం కాబట్టి అంకె తగ్గాలి.

```
6.2 mSv ÷ 10  = 0.62 rem
6.2 mSv × 100 = 620 mrem
```

సందేహం తీరకపోతే పొడుగు దారిలో పోయి సరిచూసుకోండి. 6.2 mSv ని ముందు సీవర్ట్ చేయండి, 0.0062 వస్తుంది. దాన్ని వందతో గుణించండి, 0.62. రెండు దారులూ ఒకే చోటికి చేరితే లెక్క సరైనదే. నేను మేనల్లుడికి ఫోన్‌లో చెప్పినప్పుడు ఇలా రెండు దారుల్లోనూ వాడి చేతనే చేయించాను.

రెమ్ పక్కనే రాడ్ అనే ఇంకో పాత యూనిట్ కనిపిస్తుంది. అది గ్రేకు జంట, సీవర్ట్‌కు కాదు. 1 గ్రే అంటే 100 రాడ్. కొందరు కాగితంలో CTDIvol 9.16 mGy చూసి, ఎక్స్‌రేలకు గ్రే, సీవర్ట్ ఒకటే కదా అని 9.16 mSv అని రాసేస్తారు. ఒక అవయవం మీద పడిన డోస్ మటుకు మాట్లాడితే ఎక్స్‌రేలకు ఆ మాట నిజమే. కానీ ఇది ఏ అవయవం మీద పడిందీ కాదు, ప్లాస్టిక్ దిమ్మె మీద లెక్క. పైగా ఎంత పొడవు స్కాన్ చేశారో అందులో లేదు. జానెడు తీసినా, తల నుంచి తొడల దాకా తీసినా CTDIvol ఒకటే ఉండొచ్చు.

వచ్చిన అంకె నమ్మదగ్గదేనా

చివరి మెట్టు చాలా చిన్నది, కానీ దీన్ని దాటేయకండి. పెద్దవాళ్ల సీటీ ఒక్క విడత తీస్తే రెమ్‌లలో అంకె దాదాపు ఎప్పుడూ సున్నా పాయింట్‌తోనే మొదలవుతుంది. తలకు 0.2 చుట్టుపక్కల ఉంటుంది. పొట్టకు 0.5 నుంచి 1 దాకా, ఒక్కోసారి కాస్త పైన. కాంట్రాస్ట్‌తో మూడు విడతలు తీస్తే ఒకటిన్నర, రెండు కావచ్చు. మీకు పదుల్లో రెమ్‌లు వచ్చాయంటే మూడింట్లో ఏదో ఒకటి జరిగింది: DLPని mSv అనుకున్నారు, µ ని m అనుకున్నారు, లేదా భాగించాల్సిన చోట గుణించారు. మేనల్లుడికి 41 వచ్చినప్పుడే అనుమానం రావలసింది. కానీ వాడికి ప్లాంటు డోసులు తెలుసు గానీ సీటీకి మామూలుగా ఎంతుంటుందో తెలియదు.

మైక్రోసీవర్ట్‌లలో చూస్తే సీటీ వేలల్లో ఉంటుంది, ఛాతీ ఎక్స్‌రే పదుల్లో ఉంటుంది. 6200 µSv అని వినగానే మా అక్కకు గుండె ఝల్లుమంది. 0.62 రెమ్ అనగానే ఊపిరి పీల్చుకుంది. రెండూ ఒకటేనని ఆమెకు చెప్పడానికి పావుగంట పట్టింది. ఎవరితోనైనా పోల్చి మాట్లాడేటప్పుడు ఇద్దరూ ఒకే యూనిట్‌లో ఉన్నారో లేదో చూసుకోండి.

ఇక ఆ 5 రెమ్ పరిమితి సంగతి. అది రేడియేషన్ మధ్య ఉద్యోగం చేసేవాళ్లది. మన దేశంలో అలాంటివాళ్లకు AERB ఐదేళ్ల సగటున ఏడాదికి 20 mSv, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 mSv దాటకూడదని పెట్టింది. మామూలు జనానికి ఏడాదికి 1 mSv. ఈ మూడింటిలో ఏదీ స్కాన్ తీయించుకునే రోగికి వర్తించదు. 6.2 mSv చూసి "పరిమితికి ఆరింతలు" అని ఎవరైనా అంటే ఆ పోలికే తప్పు. రోగికి పడే డోస్‌కు చట్టంలో పైగీత లేదు. ఆ స్కాన్ అవసరమా, అవసరమైతే అంతకంటే తక్కువతో పనవుతుందా అన్నదే అక్కడ ప్రశ్న. అది డాక్టరు, రేడియాలజిస్ట్ తేల్చాలి. బావకు నేను చెప్పిన పోలిక వేరు. నేల నుంచి, గాలిలోని రేడాన్ నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి ప్రపంచంలో మనిషికి సగటున ఏడాదికి 2.4 mSv సహజంగానే పడుతుంది. ఆయన స్కాన్ సుమారు రెండున్నరేళ్ల సహజ రేడియేషన్‌తో సమానం.

ఎఫెక్టివ్ డోస్ అనేది ఒక స్కాన్‌ను ఇంకో స్కాన్‌తో పోల్చడానికి పెట్టుకున్న కొలత. ఫలానా మనిషికి రేపు జబ్బు వస్తుందా రాదా అని దానితో లెక్క కట్టడం కుదరదు. వయసు, ఆడా మగా, ఒళ్లు, ఇవేవీ ఆ అంకెలో లేవు.

మీ కాగితంలో వేరే యూనిట్ ఉంటే

బోన్ స్కాన్, పెట్ స్కాన్ కాగితాల్లో MBq అనో mCi అనో ఉంటుంది. అది నరానికి ఎక్కించిన మందులో ఎంత రేడియోధార్మికత ఉందో చెప్పేది, డోస్ కాదు. 1 mCi అంటే 37 MBq. దాని నుంచి మిల్లీసీవర్ట్‌కు పోవాలంటే ఏ మందో తెలియాలి, ఒక్కో మందుకు ఒక్కో గుణకం. యాంజియోగ్రామ్ కాగితంలో Gy·cm² లాంటిది ఉంటుంది, చివర చిన్న రెండు ఉంటుంది చూడండి. అది విస్తీర్ణంతో గుణించిన లెక్క, దాన్ని DLP గుణకాలతో గుణించకండి. ఈ రెండింటికీ స్కాన్ చేసిన చోటే మిల్లీసీవర్ట్ అంకె అడిగి రాయించుకోండి. ఆ అంకె చేతికొచ్చాక పదితో భాగించి రెమ్ చేసుకోవడం, వెయ్యితో గుణించి మైక్రోసీవర్ట్ చేసుకోవడం పైన చెప్పినట్టే.

ఫోన్‌లో మార్పిడి చేసే యాప్ వాడినా ఇబ్బంది లేదు. కాకపోతే యాప్‌కు మీరు ఇచ్చిన యూనిట్ సరైనదో కాదో తెలియదు. 412.2 mSv అని ఇస్తే అది కూడా నిజాయితీగా 41.22 rem అనే చెబుతుంది.

బావ రిపోర్టు కవరు మీద పెన్నుతో ఇలా రాసి పెట్టాను:

```
CT KUB, DLP 412.2 mGy-cm
× 0.015 = 6.2 mSv
= 6200 µSv = 0.62 rem
```

mSv లో m కింద చిన్న గీత గీశాను, రేపు ఇంకెవరైనా చూసినప్పుడు మైక్రో అనుకోకుండా. DLPని కూడా రాసి ఉంచడం మర్చిపోకండి. గుణకాలు కాలక్రమంలో సవరిస్తుంటారు. అసలు అంకె ఉంటే కొత్త గుణకంతో మళ్లీ కట్టుకోవచ్చు. ఒట్టి మిల్లీసీవర్ట్ మాత్రమే ఉంటే అది ఏ గుణకంతో వచ్చిందో తెలియదు. స్కాన్ తేదీ, ఏ భాగం, కాంట్రాస్ట్ ఇచ్చారా లేదా అన్నది కూడా పక్కన రాయండి.

ఆ కవరు ఫోటో మేనల్లుడికి పంపాను. వాడు తన పద్ధతిలో మళ్లీ చేసుకుని, "620 మిల్లీరెమ్, సరిపోయింది మామా" అని మెసేజ్ పెట్టాడు. ఆరు నెలల తర్వాత రాయి మళ్లీ వచ్చిందేమో చూడడానికి డాక్టరు అల్ట్రాసౌండ్ రాశారు. ఆ రోజు కవరు మీద తేదీ ఒక్కటే రాశాం. అల్ట్రాసౌండ్‌లో గానీ, ఎమ్మారైలో గానీ ఈ రకం రేడియేషనే ఉండదు కాబట్టి డోస్ రాయాల్సిన చోట ఒక అడ్డగీత గీసి వదిలేశాను.